ఏడాది తిరిగితే రాలిపోయే పాయింట్లు: రోలింగ్ ర్యాంకింగ్ నిర్మాణం

2018 ఏప్రిల్ 12న కిదాంబి శ్రీకాంత్ ప్రపంచ బ్యాడ్మింటన్ పురుషుల ర్యాంకింగ్‌లో మొదటి స్థానానికి చేరాడు. ఆ వారం అతను టైటిల్ ఏదీ గెలవలేదు. అప్పటి నంబర్ వన్, డెన్మార్క్ ఆటగాడు విక్టర్ ఆక్సెల్సెన్ ఓడిపోనూ లేదు. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో జరిగిన మలేషియా ఓపెన్‌ను 2018లో కామన్వెల్త్ క్రీడల కారణంగా జూన్ చివరికి జరిపారు. పాత పోటీలో ఆక్సెల్సెన్ సంపాదించిన పాయింట్లకు ఏడాది నిండింది, అవి రాలిపోయాయి. వాటి స్థానంలో కొత్తవి తెచ్చుకోవడానికి పోటీ ఇంకా రాలేదు. అతని మొత్తం పదహారు వందల పాయింట్లకు పైగా తగ్గడంతో శ్రీకాంత్ పైకి వచ్చాడు. వారానికే ఆ స్థానం మళ్లీ చేతులు మారింది.

శ్రీకాంత్ ఆ ఏడాది కాలంలో ఆడిన ఆట ఆ స్థానానికి తగినదే, అందులో సందేహం అక్కరలేదు. అయితే ర్యాంకు ఆ గురువారమే ఎందుకు మారిందన్నదానికి జవాబు కోర్టులో దొరకదు, క్యాలెండర్‌లో దొరుకుతుంది. రోలింగ్ ర్యాంకింగ్ నిర్మించేవారు పాయింట్లు ఎన్ని ఇవ్వాలన్నదాని మీద పెట్టే శ్రద్ధలో సగమైనా, అవి ఎప్పుడు తీసివేయాలన్నదాని మీద పెట్టరు. ఈ పాఠంలో మనం ఆ రెండో సంగతిని చూద్దాం.

మొత్తాన్ని కాదు, ఫలితాన్ని దాచాలి

రోలింగ్ ర్యాంకింగ్ అంటే ఏ రోజున చూసినా, ఆ రోజుకు ముందు సుమారు ఒక ఏడాదిలో వచ్చిన పాయింట్లను మాత్రమే లెక్కించే పట్టిక. జనవరి ఒకటిన అందరూ సున్నా నుంచి మొదలుపెట్టే పట్టిక దీనికి భిన్నం. ఇందులో ప్రతి ఫలితానికీ దానిదైన పుట్టిన తేదీ, దానిదైన గడువు ఉంటాయి.

మొదటిసారి దీన్ని కట్టేవారు సాధారణంగా ఆటగాడి పేరు పక్కన మొత్తం పాయింట్ల గడి ఒకటి పెట్టి, గెలిస్తే కలుపుతూ, గడువు తీరితే తీసివేస్తూ పోతారు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో చివరి బాకీ మాత్రమే ఉంచి, పాత పద్దులన్నీ చెరిపేసినట్లు ఉంటుంది ఇది. ఒక్కసారి తీసివేత మరచిపోయినా, రెండుసార్లు తీసివేసినా, తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం అసాధ్యం. అందువల్ల మీరు దాచవలసింది ఫలితాలనే. ఒక్కో ఫలితం ఒక్కో వరుస: ఆటగాడు, పోటీ, పాయింట్లు, అవి వచ్చిన తేదీ, అవి రాలే తేదీ. మొత్తం ఎప్పటికప్పుడు లెక్క వేసుకోవచ్చు.

```sql
SELECT player, SUM(points) AS total
FROM results
WHERE award_date <= :d
  AND drop_date > :d
GROUP BY player
ORDER BY total DESC;
```

ఇందులో `:d` అన్నచోట మీరు కోరిన తేదీ ఇస్తే ఆ రోజు ర్యాంకింగ్ వస్తుంది. నిన్నటిదీ వస్తుంది, నిరుటిదీ వస్తుంది. ఎవరైనా వచ్చి "పోయిన దసరాకు నా ర్యాంకు ఎంత?" అని అడిగితే పాత కాగితాలు వెతకనక్కరలేదు. ప్రశ్న వాక్యం ఇంత తేలికగా ఉండటానికి కారణం, కష్టమంతా `drop_date` అన్న ఒక్క గడిలోకి చేరడం.

ఉగాదికీ ఉగాదికీ మధ్య ఎన్ని రోజులు?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల క్లబ్బులు కలిసి షటిల్ సింగిల్స్‌కు ఉమ్మడి ర్యాంకింగ్ పెట్టుకున్నాయి. జగిత్యాల పోటీ సంక్రాంతికి, కోరుట్ల పోటీ ఉగాదికి, సిరిసిల్ల పోటీ దసరాకు జరుగుతాయి. ఫైనల్ పండుగ రోజునే. ప్రతి పోటీలో ఎనిమిది మందికి పాయింట్లు వస్తాయి: విజేతకు 100, రన్నరప్‌కు 60, సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ చెరి 36, క్వార్టర్స్‌లో ఓడిన నలుగురికీ తలా 20. ఆటగాళ్లను క, చ, ట అని పిలుద్దాం.

2024 మార్చి 1 నాటికి చెల్లుబాటులో ఉన్న ఫలితాలు ఇవి.

| ఆటగాడు | కోరుట్ల, 22-3-2023 | సిరిసిల్ల, 24-10-2023 | జగిత్యాల, 15-1-2024 | మొత్తం |
|---|---|---|---|---|
| క | 100 | 36 | 60 | 196 |
| చ | 20 | 60 | 100 | 180 |
| ట | 60 | 100 | ఆడలేదు | 160 |

క్లబ్బుల నిబంధన "పాయింట్లు 365 రోజులు చెల్లుతాయి" అని ఉందనుకోండి. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. కాని 2023 ఉగాది మార్చి 22న, 2024 ఉగాది ఏప్రిల్ 9న వచ్చాయి. మధ్యలో అధిక శ్రావణం పడింది కనుక ఆ ఏడాదికి పదమూడు చాంద్రమాన మాసాలు, అంటే 384 రోజులు. కోరుట్ల పాయింట్లు మార్చి 21నే రాలిపోతాయి. కొత్త పోటీ ముగిసేదాకా 19 రోజులు ఆ పోటీకి పట్టికలో ఉనికే ఉండదు. ఆ రోజుల్లో చ 160తో మొదటివాడు, ట 100తో రెండోవాడు, క 96తో మూడోవాడు.

ఏప్రిల్ మొదటి వారంలో కోరుట్ల వాళ్లు డ్రా వేస్తారు. మొదటి ఇద్దరు సీడ్లను ఫైనల్ దాకా ఎదురుపడకుండా డ్రాకు రెండు కొసల్లో ఉంచుతారు. మూడో సీడ్‌కు మాత్రం సెమీస్‌లోనే వారిలో ఒకరు తగులుతారు. నిరుడు ఇదే కోర్టులో గెలిచిన క, ఈసారి ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండానే కఠినమైన దారిలో పడ్డాడు. మలేషియా ఓపెన్ జరిగినప్పుడు ఆక్సెల్సెన్‌కు జరిగింది ఇదే.

ఆ మరుసటి ఏడాది పొరపాటు తిరగబడుతుంది. 2025 ఉగాది మార్చి 30న, అంటే 355 రోజులకే వచ్చింది. పాత కోరుట్ల పాయింట్లు ఏప్రిల్ 8 దాకా బతికే ఉంటాయి. పది రోజులపాటు ఒకే పోటీ రెండుసార్లు లెక్కకు వస్తుంది. మొదటిసారి నష్టపోయినవాడు గోల పెడతాడు కనుక ఆ తప్పు బయటపడుతుంది. రెండోసారి లాభపడినవాడు నోరు మెదపడు.

365 బదులు 52 వారాలు పెట్టినా తేడా ఒక్క రోజే. టెన్నిస్‌లో వారాల లెక్క ఇమిడిపోతుంది, ఎందుకంటే అక్కడి పోటీలు ఏటా దాదాపు అదే వారంలో జరుగుతాయి, ర్యాంకింగ్ సోమవారం సోమవారం వెలువడుతుంది. మన పండుగలకు అది కుదరదు. ఈ మూడింటిలో సౌరమానం ప్రకారం నడిచే సంక్రాంతి ఒక్కటే నిలకడగా ఉంటుంది.

గడువు రోజులతో కాదు, తర్వాతి పోటీతో

పరిష్కారం ఇది: కోరుట్ల పాయింట్లు తర్వాతి కోరుట్ల పోటీ ఫలితం వచ్చేదాకా ఉంటాయి, వచ్చిన రోజున రాలిపోతాయి. ఆ పోటీ అసలు జరగకపోతే శాశ్వతంగా ఉండిపోకుండా పై హద్దు ఒకటి కావాలి. పదమూడు మాసాల ఏడాదికి 384 రోజులు పడతాయి కనుక 400 రోజులు సరిపోతుంది. ఫలితం నమోదు చేసేటప్పుడు `drop_date`లో వచ్చిన తేదీకి 400 రోజులు కలిపి రాయండి. తర్వాతి పోటీ ముగిసిన రోజున, అదే పోటీకి చెందిన, ఇంకా గడువు తీరని పాత వరుసలన్నిటిలో ఆ గడిని కొత్త పోటీ తేదీగా మార్చండి. పాత తేదీలకు ర్యాంకింగ్ అడిగినా జవాబు మారదు, ఎందుకంటే మార్చిన తేదీ ఆ పాత తేదీల తర్వాతిదే.

"పాత వరుసలన్నిటిలో" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. చాలామంది ఇక్కడ "ఆటగాడు మళ్లీ ఆడితే అతని పాత ఫలితం తీసి కొత్తది పెట్టు" అని రాస్తారు. ఆడిన వారందరికీ అది సరిగ్గా పనిచేస్తుంది కూడా. కాని 2023లో కోరుట్లలో సెమీస్ ఆడి 36 పాయింట్లు తెచ్చుకున్న త అనే కుర్రవాడు ఆ తర్వాత గల్ఫ్‌కు పోయాడనుకోండి, జగిత్యాల వైపు అది వింతేమీ కాదు. అతను మళ్లీ ఆడడు, కనుక అతని పాత ఫలితాన్ని తీసే సందర్భం రాదు. దుబాయిలో ఉన్నవాడు మన పట్టికలో మాత్రం 36 పాయింట్లతో కూర్చునే ఉంటాడు. పాయింట్లను రాల్చవలసింది ఆటగాడి రాక కాదు, పోటీ జరగడం.

ఇలాంటి తప్పులు ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఒక పోటీలో పంచే పాయింట్లన్నీ కలపండి: 100, 60, రెండు 36లు, నాలుగు 20లు, వెరసి 312. మూడు పోటీలకు 936. తర్వాతి పోటీతో రాలే పద్ధతిలో, పోటీలన్నీ సక్రమంగా జరుగుతున్నంత కాలం, ఏ తేదీన చూసినా ఆటగాళ్లందరి మొత్తం 936 ఉండాలి. 624 వస్తే ఒక పోటీ మధ్యలో మాయమైంది. 1248 వస్తే ఒక పోటీ రెండుసార్లు లెక్కకు వచ్చింది. 936కు కొద్దిగా ఎక్కువ, ఉదాహరణకు 972 వస్తే, ఎక్కడో ఒక త మిగిలిపోయాడు. ఏడాదిలోని ప్రతి రోజుకూ ఈ మొత్తాన్ని వేసి చూడండి. పండుగలకు అటూ ఇటూ వారం రోజుల్లోనే లోపం బయటపడుతుంది.

పెద్ద పోటీల్లో మరో మెలిక ఉంది. బ్యాడ్మింటన్ ప్రపంచ ర్యాంకింగ్ ఆటగాడి ఫలితాలన్నీ కలపదు, ఏడాదిలో ఉత్తమమైన పదింటినే కలుపుతుంది. అప్పుడు ఒక ఫలితం రాలితే పదకొండోది లోపలికి వస్తుంది, కనుక నష్టం రాలిన పాయింట్లంత ఉండదు, రెండింటి తేడా అంత మాత్రమే ఉంటుంది. ఎక్కువ పోటీలు ఆడినవాడికి ఇది మెత్తని పరుపు. పై పరీక్షను మాత్రం ఉత్తమ ఫలితాలను ఏరకముందే చేయాలి, ఏరిన తర్వాత మొత్తం స్థిరంగా ఉండదు.

పోటీ జరిగినా పాయింట్లు ఇవ్వకపోతే ఏం చేయాలన్నది సూత్రంతో తేలదు, నిర్వాహకులు ముందే రాసుకోవాలి. 2022లో వింబుల్డన్ రష్యా, బెలారస్ ఆటగాళ్లను అనుమతించనందుకు టెన్నిస్ సంఘాలు ఆ పోటీకి పాయింట్లు ఇవ్వలేదు. 2021లో గెలిచిన 2,000 పాయింట్లు మాత్రం రాలిపోయాయి. ఆ ఏడాది కూడా గెలిచిన జొకోవిచ్ మూడో ర్యాంకు నుంచి ఏడుకు దిగాడు. 2020లో కోవిడ్ వల్ల పోటీలు ఆగినప్పుడు అవే సంఘాలు ర్యాంకింగ్‌ను నెలల తరబడి స్తంభింపజేశాయి. పాయింట్లు లేని పోటీ పాతవాటిని రాలుస్తుందా, రాల్చదా అన్నది ఒక్క వాక్యంలో రాసి మూడు క్లబ్బుల చేతా సంతకాలు పెట్టించడం మంచిది. అది కూడా పోటీకి ముందే, ఎవరికి లాభమో తెలియకముందే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

కోరుట్ల 9-4-2024: క 100, చ 60, ట ఆడలేదు. కోరుట్ల 30-3-2025: ట 100, చ 36, క 20. సిరిసిల్ల 12-10-2024, జగిత్యాల 14-1-2025 పోటీల్లో ముగ్గురి ఫలితాలూ పట్టికలో ఉన్నట్లే వచ్చాయి. 2025 ఏప్రిల్ 5న ర్యాంకింగ్‌ను 365 రోజుల పద్ధతిలోనూ, తర్వాతి పోటీతో రాలే పద్ధతిలోనూ లెక్క కట్టండి.

జవాబు: మొదటి పద్ధతిలో చ 256, క 216, ట 200. రెండో పద్ధతిలో ట 200, చ 196, క 116.