ఒక్కో ఆడిట్ అభ్యంతరానికి ఒక్కో జవాబు

మూడు నెలలకోసారి ఇంటర్నల్ ఆడిటర్లు వచ్చి వెళ్లాక ఓ ఇరవై స్లైడ్ల ప్రజెంటేషన్ అకౌంట్స్ విభాగానికి చేరుతుంది. ఎర్ర పెట్టెలో 'హై రిస్క్' అని ఉంటుంది, కింద రెండు మూడు ముక్కలు ఉంటాయి. వాటికి యాజమాన్యం ఇచ్చే రాతపూర్వక జవాబు ఆడిట్ కమిటీ ముందుకు వెళ్తుంది. అన్నిటికీ కలిపి 'గమనించాం, ఇకపై జాగ్రత్త పడతాం' అని ఒకే పేరా రాసిన లేఖలు చాలా చూశాను. ఆ అభ్యంతరాలే తర్వాతి త్రైమాసికంలో 'పునరావృతం' అన్న ముద్రతో తిరిగొస్తాయి.

పశువుల దాణా తయారుచేసే ఓ మధ్యతరహా కంపెనీ అనుకుందాం. అక్టోబర్–డిసెంబర్ ఆడిట్‌లో ఒక స్లైడ్ ఇలా ఉంది: 'కొనుగోళ్లపై నియంత్రణ లోపం. 60 పర్చేజ్ ఆర్డర్లు పరిశీలించగా 11 బిల్లు తేదీ తర్వాత తయారైనవి. కొత్త సరఫరాదారుల పేర్లు చేర్చేది, చెల్లింపులు విడుదల చేసేది ఒకరే.' శీర్షిక ఒకటే అయినా ఇందులో ఉన్నవి రెండు అభ్యంతరాలు. మొదటిదానికి కారణం కొనుగోలు విభాగంలో ఉంది, రెండోది అకౌంట్స్‌లో ఉంది. సరిదిద్దాల్సిన మనుషులూ వేరే. అందుకే లేఖ మొదలుపెట్టే ముందే వీటికి 1ఎ, 1బి అని విడి నంబర్లు ఇవ్వాలి. ఆడిటర్ రాసిన వాక్యాన్ని మెత్తబరచకుండా, ఉన్నదున్నట్టు పైన దించి, దాని కిందే జవాబు రాయాలి.

స్లైడ్‌లో 11 అన్న అంకె మాత్రమే ఉంటుంది. ఏ పదకొండో తెలియకుండా జవాబు రాయడం గాలిలో రాయడమే కాబట్టి ఆడిటర్‌ను ఆ జాబితా అడిగి తీసుకోవాలి. మన కంపెనీలో జాబితా వచ్చాక చూస్తే ఎనిమిది మొక్కజొన్న కొనుగోళ్లు. ధర రోజూ మారుతుంటే ఫోన్‌లో బేరం కుదుర్చుకుని, లోడు వచ్చాక ఆర్డర్ రాశారు. మిగతా మూడూ మిషన్ ఆగిపోయినప్పుడు హడావిడిగా తెప్పించిన విడిభాగాలు. 'సిబ్బంది నిర్లక్ష్యం' అని రాసి ఉంటే ఈ తేడా కనబడేదే కాదు. 1ఎ జవాబు చివరికి ఇలా తేలింది:

'అంగీకరిస్తున్నాం. మొక్కజొన్నకు ప్రతి సోమవారం ఆ వారం పరిమాణం, గరిష్ఠ ధర నిర్ణయించి ముందే ఆర్డర్ ఇస్తాం. అత్యవసర విడిభాగాలకు ప్లాంట్ మేనేజర్ మెసేజ్ ద్వారా అనుమతిస్తారు, 24 గంటల్లో ఆర్డర్ నమోదు చేస్తాం. బాధ్యత: కొనుగోలు మేనేజర్. గడువు: ఫిబ్రవరి 15. ఆధారం: నాలుగు వారాల ఆర్డర్లు, అనుమతి మెసేజ్‌ల ప్రతులు.'

ఇందులో బాధ్యత ఒక హోదాకు అప్పగించారు, 'విభాగానికి' కాదు. గడువు 'నిరంతరం' కాదు, ఒక తేదీ.

1బి అంత తేలిక కాదు. అకౌంట్స్‌లో ఉన్నదే ముగ్గురు, రెండు పనులూ వెంటనే విడదీయలేరు. అలాంటప్పుడు ఒప్పుకోలేని మాట ఇవ్వకూడదు. విడదీయడానికి మార్చి 31 గడువు పెట్టి, అప్పటిదాకా కొత్తగా చేరిన సరఫరాదారుల పేర్లు, మారిన బ్యాంకు ఖాతా నంబర్ల జాబితాను ప్రతి శుక్రవారం ఫైనాన్స్ మేనేజర్ చూసి సంతకం చేస్తారని రాశారు. దొంగ ఖాతాలోకి డబ్బు మళ్లే దారుల్లో ఖాతా నంబర్ మార్పు ఒకటి కాబట్టి ఈ తాత్కాలిక ఏర్పాటుకు విలువుంది.

మరో స్లైడ్‌లో డిసెంబర్ 31 లెక్కింపులో సోయా చెక్క 40 బస్తాలు తక్కువని రాశారు. గోడౌన్ ఇన్‌ఛార్జి, 'సార్, ఆ లారీ జనవరి ఒకటిన కదా గేటు దాటింది!' అన్నాడు. గేట్ రిజిస్టర్, వేబ్రిడ్జి స్లిప్పు అదే చెప్పాయి. 'ఒప్పుకోం' అని రాసేయాలనిపిస్తుంది. కానీ అవే కాగితాలు ఇంకో తప్పును బయటపెడుతున్నాయి. సరుకు రాకముందే, డిసెంబర్ 30న మెయిల్‌లో వచ్చిన బిల్లును చూసి స్టాకు పుస్తకంలో ఎక్కించారు. కాబట్టి నిజాయితీ గల జవాబు 'పాక్షికంగా అంగీకరిస్తున్నాం': బస్తాలు పోలేదు, నమోదు ముందే జరిగింది. సరుకు అందిన రసీదు నంబర్ లేకుండా సాఫ్ట్‌వేర్ స్టాకు నమోదు తీసుకోకుండా మార్పు చేయిస్తామని, డిసెంబర్ లెక్కను సవరిస్తామని విడివిడిగా రాయాలి. జరిగిపోయినదాన్ని దిద్దడం ఒకటి, మళ్లీ జరగకుండా చూడడం ఇంకొకటి. సవరణ ఎంట్రీ ఒక్కటి వేసి అభ్యంతరం తీరిందనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

ఆడిటర్లు తర్వాత వచ్చినప్పుడు ఈ లేఖనే ముందు పెట్టుకుంటారు. కొత్త పద్ధతి కాగితం మీద ఉంటే సరిపోదు, గడువు తర్వాతి ఆర్డర్లను మళ్లీ తీసి చూస్తారు. ఫిబ్రవరి 15 తర్వాతి మొక్కజొన్న ఆర్డర్లలో ఒక్కటైనా బిల్లు తేదీ తర్వాతది దొరికితే 1ఎ తెరిచే ఉంటుంది. 1బి మాత్రం శుక్రవారం సంతకాలన్నీ ఉంటే, పనుల విభజన కూడా పూర్తయితే మూసేస్తారు.