సీసాలో వేరు, కుండీలో వేరు

మా వంటింటి కిటికీలో ఒక పాత తేనె సీసా ఉండేది. అందులో మనీప్లాంట్ తీగ మూడేళ్లు బతికింది. నీళ్లు తగ్గినప్పుడల్లా పోయడం తప్ప దానికి నేను చేసిన సేవేమీ లేదు. వేర్లు సీసా అడుగున చుట్టలు చుట్టుకుని సేమ్యా ముద్దలా తయారయ్యాయి. ఎన్నాళ్లని నీళ్లలో నిలబడుతుంది పాపం అనిపించి, ఒక ఆదివారం దాన్ని తీసి, ఎర్రమట్టిలో వర్మికంపోస్టు కలిపిన పది అంగుళాల కుండీలో నాటాను. నాలుగో రోజుకు ఆకులు వేలాడాయి. పదో రోజుకు కాండం మొదలు మెత్తబడిపోయింది. మూడేళ్లు పట్టించుకోకపోయినా బతికిన తీగ, పట్టించుకున్న పది రోజుల్లో పోయింది.

అప్పుడు అర్థంకాని సంగతి తర్వాత అర్థమైంది. నీళ్లలో పుట్టిన వేరు, మట్టిలో పుట్టిన వేరు చూడ్డానికి ఒకలాగే ఉన్నా ఒకే పని చేసేవి కావు. నీళ్లలో పెట్టాలా, నేరుగా మట్టిలో గుచ్చాలా అన్న ప్రశ్నకు జవాబు ఆ తేడాలోనే ఉంది.

ముందు తీగను చేతిలోకి తీసుకుని చూడండి. ఆకు కాడ కాండాన్ని అంటుకున్న చోట సన్నటి ఉంగరంలాంటి గీత కనిపిస్తుంది. అదే కణుపు. ఆ కణుపు దగ్గరే, వెనకవైపు, గోధుమరంగులో గట్టి బుడిపె ఒకటి ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని కుళ్లు అనుకుని గోటితో గిల్లేస్తుంటారు. నిజానికి అది వేరు మొదలు. అడవిలో ఈ తీగ చెట్టు మానును పట్టుకుని పైకి పాకేది ఆ వేళ్లతోనే. దానికి విడవని తేమ తగిలితే వేరు సాగుతుంది. ఆకు కాడ, కాండం కలిసే పంగలో ఒక చిన్న మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. రేపటి తీగ దాన్నుంచే వస్తుంది. అందుకే కణుపు లేకుండా ఒట్టి ఆకును తుంచి నీళ్లలో వేస్తే నెలల తరబడి పచ్చగా ఉంటుందేమో గానీ తీగ మాత్రం సాగదు. రెండు కణుపుల మధ్య నున్నటి కాండం ముక్కదీ అదే కథ.

పసిఫిక్ సముద్రంలో, ఫ్రెంచ్ పాలినీషియాలోని మోరేయా అనే చిన్న దీవి దీని పుట్టిల్లు. ఇది పూయడం అరుదులో అరుదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే హార్మోను దీని ఒంట్లో సరిపడా తయారు కాదు. పువ్వు లేదు కాబట్టి గింజా లేదు. మీ ఇంట్లో ఉన్న మనీప్లాంట్ ఎప్పుడో, ఎవరి తీగ నుంచో తెగివచ్చిన ముక్కే. అడక్కుండా తెంపుకొచ్చిన తీగే కలిసొస్తుందని మనవాళ్లు అంటారు. తీగను పెంచడానికి తెంపడం తప్ప ఎలాగూ వేరే దారి లేదు.

కోయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కణుపుకు అర అంగుళం కింద, పదునైన కత్తెరతో కోయాలి. మొద్దు కత్తెర కాండాన్ని నలిపేస్తుంది, నలిగిన చోటే కుళ్లు మొదలవుతుంది. చేమ, కంద కుటుంబమే కాబట్టి దీని రసం కూడా దురద పుట్టిస్తుంది. కోశాక చేతులు కడుక్కోండి, ముక్కలు పసిపిల్లల నోటికీ పెంపుడు జంతువుల నోటికీ అందకుండా చూడండి.

కిందటి జులైలో, వానలు పడి ఎండ తగ్గాక, వరండాలో ఏడడుగులు సాగిన తీగను పది ముక్కలు చేశాను. ఒక్కో ముక్కకు రెండు కణుపులు, పైన ఒకటి రెండు ఆకులు. కింది కణుపు ఆకును తీసేశాను. ఐదింటిని సీసాల్లో పెట్టాను, ఐదింటిని కోకోపీట్‌లో గుచ్చాను.

సీసాల సంగతి కళ్లముందే జరుగుతుంది. మన ఇళ్లలో అందరూ సీసానే ఇష్టపడేది అందుకేనేమో. ఆరో రోజుకు బుడిపెలు ఉబ్బి, కొసన తెల్లటి మొన తొంగిచూసింది. పన్నెండో రోజుకు వేరు అంగుళం సాగింది. మూడో వారం ముగిసేసరికి రెండంగుళాలై, పక్కలకు సన్నటి పిల్లవేర్లు చీలాయి. ఒక్క ముక్క మాత్రం తేడా చేసింది. దాని ఆకు కాడ నీళ్లలో మునిగి ఉంది, నేను చూసుకోలేదు. కాడ కుళ్లి నీళ్లు కంపుకొట్టాయి. మెత్తబడిన భాగం పోయేదాకా కాండాన్ని పైకి కోసి, సీసా కడిగి, కొత్త నీళ్లలో పెడితే కోలుకుంది.

నీళ్లు ఎప్పుడు మార్చాలి? నాలుగైదు రోజులకు ఒకసారి. నిలవున్న నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, వేరుకు అదే ఊపిరి. మన ఊళ్లలో దీనికి ఇంకో కారణం ఉంది. డెంగీ దోమకు మురుగు కంటే ఇలాంటి తేటనీళ్లంటేనే ఇష్టం. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఆ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన సీసా గోడకు అంటుకుని ఉంటాయి. అందుకని నీళ్లు పారబోయడమొక్కటే సరిపోదు, లోపలి గోడను పీచుతో రుద్దాలి. పాకుడు పడుతుంటే సీసాకు కాగితం చుట్టండి, వెలుతురు తగలకపోతే పాకుడు పెరగదు.

కోకోపీట్‌లో గుచ్చినవాటి దగ్గర ఓపిక కావాలి. రెండు వంతుల కోకోపీట్‌కు ఒక వంతు ముతక ఇసుక కలిపాను. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధార కారితే తడి ఎక్కువైనట్టు. కణుపు మునిగేలా గుచ్చి, పైన పలచటి పాలిథిన్ కవరు వదులుగా కప్పి, వెలుతురు పడి ఎండ పడని చోట పెట్టాను. వేరు లేని కాండం నీళ్లు తాగలేదు, ఆకు మాత్రం నీటిని ఆవిరి చేస్తూనే ఉంటుంది. చుట్టూ గాలిలో తేమ ఉంటే ఆ ఖర్చు తగ్గుతుంది, కవరు అందుకే. మూడు వారాలు ఏమీ కనిపించలేదు. పీకి చూడాలన్న దుగ్ధ చాలా బలమైనది, పీకితే మాత్రం అప్పుడే పుట్టిన వేరు తెగిపోతుంది. రెండు వేళ్లతో కాండాన్ని మెల్లగా పైకి లాగి చూడాలి. జారి వస్తుంటే ఇంకా వేరు పట్టలేదు, ఎదురు గుంజుతుంటే పట్టింది. ఇరవై నాలుగో రోజున నాలుగు ఎదురు గుంజాయి. ఐదోదాని మీద నీళ్లు ఒలికించాను, అది నల్లబడి పోయింది.

ఇక అసలు విషయం. మట్టిలో వేరు నీళ్లను గుక్కపట్టి తాగదు. మట్టి రేణువుల చుట్టూ పలచగా అంటుకున్న తడిని నూగులాంటి వేరు వెంట్రుకలతో తీసుకుంటుంది. సీసాలో వేరుకు ఆ కష్టం లేదు, చుట్టూ నీళ్లే. అందుకే నీటివేర్లు నున్నగా, తెల్లగా, పుటుక్కున విరిగేలా పెరుగుతాయి, నూగు తక్కువ. వాటి లోపల గాలి తిరగడానికి ఖాళీలు ఎక్కువ. ఇలాంటి వేరును మట్టిలో పెడితే, మట్టిలో పనికొచ్చే కొత్త పిల్లవేర్లు పుట్టేదాకా మొక్క దాహంతోనే ఉంటుంది. వేరు కురచగా, పెరుగుతున్న ఊపులో ఉంటే అవి త్వరగా పుడతాయి. జానెడు పొడుగెదిగి ముదిరిన వేర్లను కుండీలో కుక్కితే సగం విరుగుతాయి, విరిగినవి కుళ్లుతాయి. నా తేనె సీసా తీగ పోయింది ఇందుకే.

కాబట్టి వేరు ఒకటిన్నర నుంచి రెండంగుళాలై, పక్కకు పిల్లవేర్లు చీలడం మొదలైనప్పుడు మార్చాలి. అంతకు ముందైతే వేరు చాలదు, ఆ తర్వాత ప్రతి వారం కాస్త కష్టం పెరుగుతుంది. వేళ్లు ఇంకా నిండుగా, అందంగా పెరగాలని ఆగడమే అందరం చేసే పొరపాటు. కోకోపీట్‌లో వేరూనినవాటికి ఈ తొందర లేదు. కొత్త ఆకు చుట్ట విప్పుతున్నప్పుడు వాటిని వేళ్లకు అంటుకున్న పొట్టుతో సహా ఎత్తి కుండీలో పెట్టొచ్చు.

సీసాల్లో మూడింటిని ఇరవై రెండో రోజున నాలుగంగుళాల కుండీలో కలిపి నాటాను. కుండీ చిన్నదే కావాలి. పెద్ద కుండీలో నాలుగు చిట్టి వేర్లు తాగలేనంత తడి రోజుల తరబడి నిలిచి ఉంటుంది. మట్టి, కోకోపీట్, ఇసుక సమపాళ్లలో, గుప్పెడు వర్మికంపోస్టు. ఒట్టి ఎర్రమట్టైతే నీళ్లు పోసిన వారానికి గట్టిపడి వేరుకు గాలి ఆడనివ్వదు. మొదటి పది రోజులు మట్టిని మామూలు కంటే తడిగా ఉంచాను, సీసా బతుక్కి అలవాటుపడ్డ వేరు కదా. ఆ తర్వాత మెల్లగా తగ్గించి, పైన అంగుళం మట్టి ఆరాకే నీళ్లు పోశాను. అడుగున కన్నం, నెలదాకా వేరే ఎరువు లేదు. రెండో రోజు ఆకులు కొద్దిగా వాలాయి, వారానికి నిలబడ్డాయి.

మిగిలిన రెండు సీసా ముక్కలను కావాలనే డెబ్బై రోజులు ఆపాను. వేర్లు ఎనిమిదంగుళాలు దాటాయి. అప్పుడు నాటితే ఒకటి రెండు ఆకులు పండుబారి రాల్చుకుని, నెలరోజులు అలాగే బిగుసుకుని కూర్చుంది. రెండోది బతికింది గానీ దాని ఈడు తీగలు అప్పటికి రెండేసి కొత్త ఆకులు వేసేశాయి. రెండు నెలలు తిరిగేసరికి కోకోపీట్ మొక్కలకూ, వేళకు మార్చిన సీసా మొక్కలకూ నాకు తేడా కనిపించలేదు. అందుకే కుండీలో పెంచాలనుకుంటే నేనిప్పుడు నేరుగా కోకోపీట్‌లోనే గుచ్చుతున్నాను, మార్పిడి గొడవ ఉండదు. ఎండాకాలంలో మాత్రం సీసానే మేలు. మే నెల వడగాడ్పుకు కోకోపీట్ ఒక్క పూటలో ఎండిపోతుంది, వేరు లేని ముక్క అదే పూట పోతుంది.

మొన్న పక్కింటి పిన్నిగారు తన సీసా పట్టుకొచ్చారు. అందులో నాలుగేళ్ల తీగ, అడుగున నా తేనె సీసాలో ఉన్నలాంటి ముద్దే. “దీన్ని కుండీలో పెట్టేస్తానమ్మా, మంచి మట్టి తెప్పించాను” అన్నారు. “ముసలి వేళ్లను కదపకండి పిన్నిగారూ, దాన్ని నీళ్లలోనే ఉండనివ్వండి” అని, తీగ కొసన నాలుగు కణుపులు కోసి, రెండు ముక్కలు చేసి ఆవిడ చేతిలో పెట్టాను.