లాంతరు పట్టుకున్న ముసలాయన ప్రేమ మధ్యలోకి వస్తే

ప్రేమ గురించి టారో కార్డులు వేయించుకోవడానికి వచ్చేవాళ్లు మనసులో ఏవో రెండు మూడు కార్డులు రావాలని కోరుకుంటూనే కూర్చుంటారు. లవర్స్ రావాలి, లేదంటే రెండు గిన్నెలు ఎదురెదురుగా పట్టుకున్న జంట ఉండే టూ ఆఫ్ కప్స్ అయినా రావాలి. అక్కడ తొమ్మిదో నంబరు ముసలాయన తేలితే మొహం చిన్నబోతుంది. తల మీదికి ముసుగు లాక్కున్న బూడిదరంగు అంగీ, తెల్లగడ్డం, కాళ్ల కింద మంచు, ఎడమచేతిలో కర్ర, కుడిచేతిలో లాంతరు. చుట్టూ ఒక చెట్టు లేదు, మనిషి లేడు. “అంటే ఇక లేనట్టేనా?” అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆ కార్డు పేరు హెర్మిట్, జనానికి దూరంగా ఒంటరిగా బతికే సాధువు. దాన్ని చూడగానే తెగిపోయిందని చెప్పే రీడరూ తొందరపడుతున్నట్టే, “ఏం ఫర్వాలేదు, ఆయన ఆలోచించుకుంటున్నాడు” అని ఓదార్చి పంపే రీడరూ తొందరపడుతున్నట్టే.

ఈ బొమ్మ 1909లో లండన్‌లో అచ్చయిన రైడర్ కార్డులలోది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పిన ప్రకారం పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసింది. ఇప్పుడు మన ఊళ్లలో రీడర్ల బల్ల మీద కనిపించేవీ ఎక్కువగా ఇవే, లేదా వీటిని చూసి గీసినవే. అయితే ఈ ముసలాయన అంతకంటే చాలా పాతవాడు. 15వ శతాబ్దం మధ్యలో మిలాన్ ప్రభువుల కోసం చేత్తో చిత్రించిన కార్డులలో ఇదే ముసలాయన ఉన్నాడు, కాకపోతే చేతిలో లాంతరు లేదు, ఇసుక గడియారం ఉంది. అప్పట్లో ఆయన కాలానికి గుర్తు. ఆ కార్డులు కూడా పేకాటలాంటి ఆట కోసం చేసినవే. వాటితో జోస్యం చెప్పడం 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో గాని ఊపందుకోలేదు. తర్వాత్తర్వాత గడియారం పోయి లాంతరు వచ్చింది. ప్రేమ విషయంలో ఈ కార్డు చదివేటప్పుడు పోయిన ఆ గడియారాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలని నేనంటాను. ఒంటరిగా ఉండాలనే మనిషి ఏం వెతుకుతున్నాడన్నది ఒక ప్రశ్న, ఎన్నాళ్లు వెతుకుతాడన్నది రెండో ప్రశ్న. చాలామంది రీడర్లు మొదటిదానితోనే ఆగిపోతారు.

ఒక ఉదాహరణ తీసుకుని కార్డులు వరుసగా పరిచి చూద్దాం. ఇది నేను అల్లుకున్నదే గాని ఇలాంటివి ఊరూరా ఉన్నాయి. అమ్మాయికి 29 ఏళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. అబ్బాయి పుణేలో ఉంటాడు, 31 ఏళ్లు. రెండేళ్ల పరిచయం. ఇరువైపులా పెద్దలు ఒప్పుకున్నారు, తాంబూలాలు ఎప్పుడు పుచ్చుకుందామని అడుగుతున్నారు. అప్పుడు అబ్బాయి “నాకు కొంచెం టైం కావాలి, కొన్నాళ్లు నన్ను నా మానాన వదిలెయ్” అన్నాడు. అతనికి అంతకుముందు ఒకసారి నిశ్చితార్థం అయి ఆగిపోయింది. అమ్మాయి అయిదు కార్డుల వరుస వేయించుకుంది. ఎడమ నుంచి కుడికి: మొదటిది తను, రెండోది అతను, మూడోది ఇద్దరి మధ్య ఉన్నది, నాలుగోది అడ్డు, అయిదోది తను చేయాల్సింది.

వచ్చినవి ఇవి. తన స్థానంలో టూ ఆఫ్ స్వోర్డ్స్, అతని స్థానంలో నిటారుగా హెర్మిట్, మధ్యలో టూ ఆఫ్ కప్స్, అడ్డు దగ్గర టెన్ ఆఫ్ పెంటకిల్స్, చివర్లో క్వీన్ ఆఫ్ స్వోర్డ్స్.

చేయి తిరిగిన రీడరు ముందు చూసేది ముసలాయన మొహం ఎటు తిరిగి ఉందన్నది. ఈ బొమ్మలో ఆయన మనకు ఎడమవైపుకి తిరిగి, తల కొంచెం వంచి ఉంటాడు. ఈ వరుసలో ఎడమవైపు ఉన్నది అమ్మాయి కార్డు. అంటే లాంతరు ఆమె వైపే ఎత్తి ఉంది. హెర్మిట్ ఆమె కార్డుకి ఎడమన పడి ఉంటే వీపు ఆమెకు తగిలేది, రీడింగు కొంచెం చల్లబడేది. ఇక టూ ఆఫ్ స్వోర్డ్స్‌లో ఏముంది? కళ్లకు గంతలు కట్టుకుని, రెండు కత్తులు గుండెల మీద అడ్డంగా పట్టుకుని కూర్చున్న స్త్రీ. పక్క కార్డులో దీపం వెలుగుతూనే ఉంది, ఈమెకు కనపడటం లేదు. అతను మాట్లాడడం తగ్గించిన దగ్గర్నుంచి ఈమె కూడా అడగడం మానేసి బిగుసుకుని కూర్చుందని రీడరు ఇక్కడ అడిగి చూడొచ్చు. అవునంటే ముందుకు వెళ్లాలి, కాదంటే ఆ ఊహని అక్కడే వదిలేయాలి.

నాకు ఈ వరుసలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది నాలుగో కార్డు. టెన్ ఆఫ్ పెంటకిల్స్ అంటే ఆస్తి, వంశం, నిండు ఇల్లు. అందులోనూ ఒక ముసలాయన ఉన్నాడు. ద్రాక్షగుత్తులు వేసిన అంగీ వేసుకుని ముందు కూర్చుని ఉంటాడు, కాళ్ల దగ్గర రెండు తెల్లకుక్కలు. అతని వెనక, కమాను దగ్గర, ఒక జంట నిలబడి ఉంటుంది. ఒకే వరుసలో ఇద్దరు ముసలాళ్లు: ఒకరు కొండమీద ఒంటరిగా, ఇంకొకరు ఇంటి నిండా జనంతో. ఈ అబ్బాయి పారిపోతున్నది అమ్మాయి నుంచి కాకపోవచ్చు; ఒకసారి చెడిపోయిన ముహూర్తాల హడావిడి మళ్లీ మొదలవుతున్నందుకు కావచ్చు. మధ్యలో టూ ఆఫ్ కప్స్ ఉండడం దీనికి బలం. ఇద్దరి మధ్య ఇష్టం ఉంది, గొంతు మీద కూర్చున్నది ఏర్పాట్లు.

కాశీయాత్ర తంతు చూసినవాళ్లకు పెళ్లికి ముందు ఇలా కర్ర పట్టుకుని బయల్దేరే మనిషి కొత్తేం కాదు. పెళ్లికొడుకు గొడుగు, కర్ర తీసుకుని, పాదుకలు వేసుకుని, సంసారం నాకొద్దంటూ కాశీకి నడుస్తాడు. బావమరిది ఎదురెళ్లి గడ్డం కింద బెల్లం ముక్క పెట్టి బతిమాలి వెనక్కి తెస్తాడు. పది నిమిషాల్లో తిరిగొస్తాడని అక్కడ అందరికీ తెలుసు. హెర్మిట్ కార్డు వచ్చినప్పుడు తెలియదు, అదీ తేడా. మామూలుగా జరిగే పొరపాటు ఏమిటంటే, వెనక ఉండిపోయిన మనిషి బావమరిది పాత్ర వేయబోతారు. రోజుకు నాలుగు ఫోన్లు, స్నేహితుల చేత రాయబారాలు, అతని అక్కతో కబుర్లు. హెర్మిట్ ఉన్న కొండమీదికి ఇంకొకరు ఎక్కితే అతను అడిగింది ఏదీ జరగదు, గడువు కూడా మళ్లీ మొదటి నుంచి లెక్కించాల్సి వస్తుంది.

అందుకే అయిదో కార్డుకి విలువ. క్వీన్ ఆఫ్ స్వోర్డ్స్ సింహాసనం మీద కత్తి నిటారుగా పట్టుకుని కూర్చుని, రెండో చేయి ముందుకు చాపి ఉంటుంది. కత్తి ఉందని చెయ్యి ముడుచుకోలేదు. ఈ అమ్మాయి విషయంలో దాన్ని ఇలా చదవొచ్చు: ఒక్కసారి, సూటిగా మాట్లాడాలి. ఎన్నాళ్లు? ఆ తేదీ చెప్పగలవా? ఈలోపు మనం మాట్లాడుకుంటామా, వారానికి ఒకసారైనా? పెద్దలకు ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి? ఇంకెవరినైనా కలుస్తున్నావా? నువ్వు తేల్చుకోవాలనుకుంటున్నది ఏమిటి? చివరి ప్రశ్న లాంతరుకి సంబంధించింది, మొదటిది ఇసుక గడియారానికి. “పాత నిశ్చితార్థం గురించి నా బుర్ర ఇంకా తేరుకోలేదు, రెండు నెలలు చూస్తాను, దసరా నాటికి చెప్తాను” అన్నవాడు నిజంగా ఏదో వెతుకుతున్నాడు. “ఏమో, ఇప్పుడేం అడగొద్దు” అని మూడుసార్లు అన్నవాడి చేతిలో లాంతరు లేదు, కర్ర మాత్రమే ఉంది.

పక్క కార్డులు మారితే కథ మారుతుంది. టూ ఆఫ్ కప్స్ ఉన్నచోట ఎయిట్ ఆఫ్ కప్స్ వచ్చి ఉంటే జాగ్రత్తపడాలి. అందులోనూ కర్ర పట్టుకున్న మనిషే ఉన్నాడు, కానీ పేర్చిన ఎనిమిది గిన్నెలను వెనక వదిలేసి నడుస్తున్నాడు, చేతిలో దీపం లేదు. సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్ వస్తే, వెనక్కి చూసుకుంటూ కత్తులు మోసుకుపోయే ఆ మనిషిని బట్టి, చెప్పిన కారణం అసలు కారణమేనా అని అడగాలి. హెర్మిట్ తలకిందులుగా పడితే రీడర్లు రెండు రకాలుగా చెబుతారు: ఏకాంతం ముగిసి బయటికి వస్తున్నాడని కొందరు, ఒంటరితనంలో ఇరుక్కుపోయాడని కొందరు. వెయిట్ తన పుస్తకంలో తలకిందుల హెర్మిట్‌కి దాపరికం, భయం, అర్థంలేని అతిజాగ్రత్త అని రాశాడు. నిటారుగా ఉన్నదానికి కూడా వివేకంతోపాటు మోసం, కపటం రాసి పెట్టాడు. ఇప్పటి రీడర్లు ఆ రెండో సగాన్ని ఇంచుమించు వదిలేశారు. పూర్తిగా వదిలేయకూడదని నా అభిప్రాయం.

హెర్మిట్ అయిదో స్థానంలో, అంటే సలహా చోట పడితే ఏకాంతం కావాల్సింది అతనికి కాదు, కార్డులు వేయించుకుంటున్న మనిషికే. ప్రేమ రీడింగుల్లో ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. తొమ్మిదో కార్డు కనపడగానే అది అవతలివాడే అని లెక్క వేసేస్తారు.

ఇక దీని హద్దులు. పుణేలో కూర్చున్న మనిషి మనసులో ఏముందో హైదరాబాదులో బల్ల మీద పరిచిన అట్టముక్కకు తెలిసే దారి లేదు. కట్టలో 78 కార్డులు ఉంటాయి. అయిదు తీస్తే వాటిలో హెర్మిట్ ఉండే అవకాశం ఇంచుమించు పదహారింట ఒకటి. అదే ప్రశ్నతో నెలరోజులు రోజూ వేసుకుంటే ఊరికే లెక్క ప్రకారమే దాదాపు రెండుసార్లు వస్తాడు. “మళ్లీ అదే వచ్చింది చూశావా” అని వణికేవాళ్లకు ఈ లెక్క తెలిస్తే మంచిది. పైగా “అతను లోపల ఏదో ఆలోచిస్తున్నాడు” అన్న మాట ఎవరి గురించి చెప్పినా సరిపోతుంది. అందరికీ అతికే వర్ణనను జనం తమకోసమే రాసినట్టు నమ్ముతారని అమెరికన్ మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ 1948లో తన విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో చూపించాడు. అందరికీ ఒకే వర్ణన ఇస్తే అయిదుకి సగటున 4.26 మార్కులు వేశారు. అందుకే కార్డు చెప్పిందని కాకుండా, కార్డు వల్ల ఏ ప్రశ్న బయటికొచ్చిందన్నదే పట్టించుకోవాలి.

అతను దసరా అన్నాడనుకుందాం. దసరా వెళ్లి వారమైనా ఫోను రాలేదు. అప్పుడు ఈ అమ్మాయి మళ్లీ రీడరు దగ్గరికి వెళ్లి “అతనేం అనుకుంటున్నాడు” అని అయిదు కార్డులు తీయించుకోవడం దండగ. ముందు తనే ఫోను చేసి “నువ్వు చెప్పిన రోజు దాటింది” అనాలి. జవాబు విన్నాక కార్డులు వేయించుకోవాలనిపిస్తే, రెండో స్థానం తీసేసి, అతనికి కార్డు లేకుండా, తన గురించి మాత్రమే వేయించుకోవచ్చు.