ఫెలోషిప్ ఎక్కడ ఆగింది?

విశ్వవిద్యాలయాల అకౌంట్స్ సెక్షన్‌కి పరిశోధక విద్యార్థులు రాసే ఉత్తరాలకు ఒక మూస ఉంది. "అయ్యా, మూడు నెలలుగా నాకు స్టైపెండ్ అందలేదు. మెస్ బిల్లు కట్టలేకపోతున్నాను. ఇంటి దగ్గర పరిస్థితి బాగోలేదు. దయచేసి వెంటనే విడుదల చేయించ ప్రార్థన." ఇందులో ప్రతి మాటా నిజమే కావచ్చు. కానీ ఆ ఉత్తరం చేతికందిన సీనియర్ అసిస్టెంటుకు అందులో పనికొచ్చేది ఒక్కటీ దొరకదు. ఏ ఫెలోషిప్? ఏ నెలలు? ఏ కాగితం ఎప్పుడు ఇచ్చారు? ఇవన్నీ ఆయనే వెతుక్కోవాలి. జీతాల బిల్లుల హడావిడిలో ఉంటే వెతకడు. ఉత్తరం ఫైల్లోకి వెళ్తుంది, ఫైలు బీరువాలోకి వెళ్తుంది.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నవాళ్ల డబ్బు అకౌంట్స్ సెక్షన్ చేతిలో ఉండదు. ఒకప్పుడు యూజీసీ గ్రాంటు విశ్వవిద్యాలయానికి వచ్చేది, అక్కడ బిల్లు తయారై చెక్కు వచ్చేది. నేరుగా ఖాతాలో వేసే పద్ధతి వచ్చాక ఆ దారి మారిపోయింది. విద్యార్థి ఆ నెల పనిచేశాడని గైడు సంతకం చేస్తాడు, విభాగాధిపతి సంతకం చేస్తాడు, కాగితం సెక్షన్‌కి వెళ్తుంది. అక్కడ ఒక ఉద్యోగి ఫెలోషిప్ పోర్టల్‌లో ఆ నెలను నమోదు చేస్తాడు. ఇతణ్ణి మేకర్ అంటారు. ఇంకో అధికారి దాన్ని సరిచూసి ఆమోదిస్తాడు. ఆయన చెకర్. ఆ తర్వాత డబ్బు యూజీసీ వైపు నుంచి ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాకు చేరుతుంది. అంటే సెక్షన్ ఇచ్చేది డబ్బు కాదు, ధ్రువీకరణ. "నా డబ్బు విడుదల చేయండి" అని అడిగితే "మా దగ్గరేముంది బాబూ, ఢిల్లీ నుంచి రావాలి" అన్న జవాబు రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ జవాబు సగం నిజం కూడా. మిగతా సగం బయటికి రావాలంటే ప్రశ్న వేరుగా ఉండాలి.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ వాళ్లకు నెలకు 8,000 రూపాయలిచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ సంగతి వేరు. అది విశ్వవిద్యాలయమే తన ఖాతాలోంచి చెల్లిస్తుంది. అక్కడ "బిల్లు ఎప్పుడు పెట్టారు, ఎవరి దగ్గర ఉంది" అని సెక్షన్‌ని నేరుగా అడగొచ్చు. 2015 అక్టోబరులో ఆ ఫెలోషిప్‌ని ఆపేయాలని యూజీసీ నిర్ణయించినప్పుడు ఢిల్లీలో ఆ కార్యాలయం ముందు విద్యార్థులు బైఠాయించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఈ వ్యాసంలో మాత్రం జేఆర్‌ఎఫ్ దగ్గరే ఆగుదాం, చిక్కుముడులు ఎక్కువగా ఉన్నది అక్కడే.

ఉత్తరం రాసే ముందు చేయాల్సిన పని ఒకటుంది: తోటివాళ్లను అడగడం. వేరే విశ్వవిద్యాలయాల మిత్రులకు కూడా ఆ నెల పడలేదంటే పైనుంచే నిధులు రాలేదని అర్థం. అప్పుడు సెక్షన్‌కి ఎన్ని ఉత్తరాలు రాసినా దండగే. ఇతర చోట్ల అందరికీ పడి, మీ ప్రాంగణంలో ఎవరికీ పడకపోతే నమోదు దగ్గరో ఆమోదం దగ్గరో గడువు దాటిపోయి ఉంటుంది. చెకర్ సెలవులో ఉండడమో, బదిలీ అయిన అధికారి లాగిన్ కొత్తవారికి మారకపోవడమో అయి ఉండొచ్చు. ప్రాంగణంలో మిగతావాళ్లకు పడి మీ ఒక్కరికే పడలేదంటే లోపం మీ కాగితంలోనో మీ ఖాతాలోనో ఉంది.

ఖాతా సంగతి చాలామంది ఆఖర్న చూస్తారు, ముందు చూడాల్సింది అదే. బ్యాంకులో ఆధార్ జిరాక్సు ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వ సొమ్ము ఆ ఖాతాకే రావాలని లేదు. ఆధార్ నంబరు ఆధారంగా వేసే డబ్బు చేరేది ఒకే ఒక్క బ్యాంకుకు, చివరగా ఏ బ్యాంకుతో ముడిపెట్టారో దానికి. మొన్న ఫోన్లో రెండు నిమిషాల్లో తెరిచిన కొత్త ఖాతాకు మీరు చదవకుండానే ఒప్పుకొని ఉంటే ఫెలోషిప్ అక్కడికి వెళ్లి కూర్చుంటుంది. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో లాగిన్ అయితే Bank Seeding Status అని ఒక చోట కనిపిస్తుంది. ఏ బ్యాంకు, చెలామణీలో ఉందా లేదా అన్నది అక్కడ తెలుస్తుంది. రాలేదని ఫిర్యాదు చేసిన డబ్బు మన పేరు మీదే ఉన్న ఇంకో ఖాతాలో దొరికితే సెక్షన్ ముందు తలెత్తుకోవడం కష్టం.

ఇప్పుడొక ఉదాహరణ. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తెలుగు విభాగంలో ఒక అమ్మాయి పరిశోధన చేస్తోందనుకుందాం. 2022 ఫిబ్రవరి 1న జేఆర్‌ఎఫ్‌గా చేరింది. అప్పటికి నెలకు 31,000 రూపాయలు. 2023 జనవరి 1 నుంచి వర్తించేలా అది 37,000 అయింది. 2024 జనవరి 31తో రెండేళ్లు నిండాయి. ఫిబ్రవరి 1 నుంచి ఆమె ఎస్‌ఆర్‌ఎఫ్ కావాలి, నెలకు 42,000. హాస్టల్లో ఉంటోంది కాబట్టి అద్దె భత్యం లెక్క లేదు. జనవరి నెల దాకా సక్రమంగా పడింది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ పడలేదు. ప్రాంగణంలో మిగతావాళ్లకు పడ్డాయి. ఖాతా సరిగ్గానే ఉంది.

ఇక మిగిలింది ఆ రెండేళ్ల గీత. జేఆర్‌ఎఫ్ నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కి మారడం దానంతటదే జరగదు. గైడు, విభాగాధిపతి, బయటి నుంచి ఒక విషయ నిపుణుడు కలిసిన ముగ్గురి కమిటీ పనిని పరిశీలించి సిఫారసు చేయాలి. పని తృప్తిగా లేదంటే ఇంకో ఏడాది జేఆర్‌ఎఫ్‌గానే కొనసాగిస్తారు. సిఫారసు పోర్టల్‌లోకి ఎక్కి ఆమోదం పొందేవరకు, గైడు ఎన్ని నెలవారీ కాగితాలు పంపినా అవి సాధారణంగా ముందుకు కదలవు. మన ఉదాహరణలో కమిటీ జనవరి 19న కూర్చుంది. సిఫారసు పత్రం 24న సెక్షన్‌కి చేరింది. తర్వాత ఏమైందో ఆమెకు తెలియదు. ఉత్తరం అడగాల్సింది ఆ ఒక్క ముక్కే.

ఆమె ఇలా రాయొచ్చు:

"గౌరవనీయులైన ఫైనాన్స్ ఆఫీసర్ గారికి, తెలుగు విభాగాధిపతి గారి ద్వారా.

విషయం: 2024 ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల యూజీసీ ఫెలోషిప్ – ఎస్‌ఆర్‌ఎఫ్ అప్‌గ్రేడేషన్ ఏ దశలో ఉందో తెలియజేయమని మనవి.

అయ్యా,

నేను 01-02-2022 నుంచి జేఆర్‌ఎఫ్‌గా పరిశోధన చేస్తున్నాను. 31-01-2024తో రెండేళ్లు పూర్తయ్యాయి. 19-01-2024న సమావేశమైన కమిటీ నన్ను ఎస్‌ఆర్‌ఎఫ్‌కి సిఫారసు చేసింది. ఆ పత్రం 24-01-2024న మీ సెక్షన్‌లో అందినట్లు విభాగం టపా పుస్తకంలో సంతకం ఉంది. మూడు నెలల హాజరు ధ్రువపత్రాలను గడువులోగానే పంపాము. అన్నిటి నకళ్లూ జతచేశాను. జనవరి వరకు ఫెలోషిప్ అందింది. ఆ తర్వాత రాలేదు. నా ఆధార్ చెలామణీలో ఉన్న ఖాతాకే ముడిపడి ఉంది.

దయచేసి ఈ మూడు విషయాలు తెలుపగలరు. సిఫారసు పత్రం పోర్టల్‌లో నమోదైందా, అయితే ఏ తేదీన? దానికి చెకర్ ఆమోదం లభించిందా? పత్రంలో లోపం ఉంటే అదేమిటి? లోపం ఉంటే వెంటనే సరిచేసి ఇస్తాను. ఆమోదం తర్వాత ఈ మూడు నెలలనూ బకాయిలుగా చేర్చి పంపగలరని మనవి."

కింద ఫెలోషిప్ నంబరు, ఫోను నంబరు, సంతకం. ఇంగ్లీషులో రాసే చోట ఇంగ్లీషులోనే రాయొచ్చు, తేదీల వరస మాత్రం మారకూడదు.

ఇందులో మెస్ బిల్లు ప్రస్తావన లేదు. పెడితే తప్పని కాదు. ఆకలి గురించి రాయడానికి సిగ్గుపడాల్సిన పనీ లేదు. కాకపోతే ఆ వాక్యానికి జవాబు "చూస్తాం" అని మాత్రమే వస్తుంది. "ఏ తేదీన నమోదైంది" అన్నదానికి "చూస్తాం" జవాబు కాదు. పోర్టల్ తెరిచి చూడాల్సిందే. చూస్తే మాత్రం రెండు నిమిషాల పని. ఇంకొక మాట, "మీ నిర్లక్ష్యం వల్ల" అని మొదలుపెట్టే ఉత్తరం మీద అసిస్టెంటు తన తప్పు లేదని నోట్ రాయడానికి ఒక పూట వెచ్చిస్తాడు. ఆ పూట ఫైలు కదలదు.

విభాగాధిపతి ద్వారా పంపడం మర్యాద కోసమే కాదు. ఆయన దాని మీద "ఫార్వర్డెడ్" అని సంతకం చేస్తే హాజరు గురించి విభాగానికి అభ్యంతరం లేదని తేలిపోతుంది. సెక్షన్‌లో ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఈ ఒక్క పని బద్ధకించినవాళ్లు నెల తర్వాత "మీ ఉత్తరమే రాలేదు" అన్న మాట వింటారు.

మన ఉదాహరణలో జవాబు ఇలా ఉండొచ్చు: బయటి నిపుణుడి సంతకం ఉంది గానీ కింద హోదా, ముద్ర లేవు, అందుకని చెకర్ తిప్పి పంపాడు, తిప్పి పంపినట్లు విభాగానికి ఎవరూ చెప్పలేదు. వినడానికి ఎంత చిన్నగా ఉందో! కానీ మూడు నెలలకు లక్షా ఇరవై ఆరు వేల రూపాయలు దాని మీద ఆగాయి. ఇందులో ఎవరినీ దొంగ అనలేం. తిప్పి పంపిన సంగతి విద్యార్థికి చెప్పే బాధ్యత ఎవరిదో ఏ కాగితం మీదా రాసి లేకపోవడమే అసలు జబ్బు అని నా అభిప్రాయం. పోర్టల్ వచ్చాక పని వేగమైందంటారు. నిజమే, కానీ తిరస్కారం కూడా అంతే వేగంగా, చడీచప్పుడు లేకుండా జరుగుతోంది.

రెండు మూడు వారాలైనా ఉలుకూ పలుకూ లేకపోతే ఇన్‌వార్డ్ నంబరు ఉటంకిస్తూ ఒక గుర్తింపు లేఖ రాసి, నకలు రిజిస్ట్రారుకు పంపాలి. అదీ పనిచేయకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, నా పత్రం మీద ఏ తేదీన ఎవరు ఏ చర్య తీసుకున్నారో, ఫైలు నోట్‌ల నకళ్లు ఇవ్వండి అని అడగొచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అక్కడ కూడా "ఎందుకు ఆలస్యం చేశారు" అని అడగకూడదు. కారణాలు అడిగితే అది సమాచారం కాదని తోసేయడానికి వీలుంటుంది, తేదీలు అడిగితే ఉండదు. లోపం యూజీసీ వైపే ఉందని సెక్షన్ రాసిచ్చిందంటే ఆ కాగితాన్ని జతచేసి యూజీసీ ఫిర్యాదుల పోర్టల్ ఇ-సమాధాన్‌లో వేయొచ్చు. ఆ కాగితం లేకుండా వేస్తే వాళ్లు మళ్లీ విశ్వవిద్యాలయాన్నే అడుగుతారు.

డబ్బు పడ్డ రోజున ఒక లెక్క చూసుకోవాలి. 1,26,000 బదులు 1,11,000 పడిందంటే మూడు నెలలూ 37,000 చొప్పునే వేశారని అర్థం. అంటే నెలలు కదిలాయి గానీ ఎస్‌ఆర్‌ఎఫ్ మార్పు ఇంకా నమోదు కాలేదు. ఆ పదిహేను వేల తేడా కోసం ఇంకో ఉత్తరం రాయాలి. ఈసారి పాత ఇన్‌వార్డ్ నంబరు ఉంటుంది కాబట్టి అది నాలుగు వాక్యాల్లో అయిపోతుంది.