ఫిబ్రవరికి ఎన్ని రోజుల వడ్డీ?

పది లక్షల రూపాయలు, ఏడాదికి 7.3 శాతం వడ్డీ. 2025 ఫిబ్రవరి 1న వేసి, మార్చి 1న తీసుకున్నారనుకుందాం. వడ్డీ ఎంత వస్తుంది? ఒక పద్ధతిలో 5,600 రూపాయలు, ఇంకో పద్ధతిలో 6,083 రూపాయల 33 పైసలు. అసలు అదే, రేటు అదే, తేదీలూ అవే. అయినా 483 రూపాయలు తేడా. రెండు లెక్కల్లోనూ తప్పు లేదు. రోజులను లెక్కపెట్టే తీరు ఒక్కటే వేరు.

మొదటి పద్ధతిని యాక్చువల్ బై 365 అంటారు. క్యాలెండర్ ప్రకారం గడిచిన రోజులన్నీ లెక్కపెట్టి, ఏడాది వడ్డీని 365తో భాగించి, ఆ రోజులతో గుణించడమే. మన ఉదాహరణలో ఏడాది వడ్డీ 73,000. దాన్ని 365తో భాగిస్తే రోజుకు సరిగ్గా 200 వస్తుంది. లెక్క తేలిగ్గా ఉంటుందనే ఈ రేటు తీసుకున్నాను. ఫిబ్రవరిలో 28 రోజులు, అందుకే 5,600.

రెండోది 30 బై 360. ఇందులో ప్రతి నెలకూ 30 రోజులే, ఏడాదికి 360 రోజులే. ఏడాది వడ్డీ 73,000ను పన్నెండుతో భాగిస్తే నెలకు 6,083.33. ఫిబ్రవరి అయినా ఆగస్టు అయినా అంతే. మన ఊళ్లలో ప్రోనోటు మీద ఇచ్చే అప్పులకు నడిచేది దాదాపు ఈ లెక్కే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు రెండు రూపాయలు. ఫిబ్రవరి పొట్టిదని తగ్గించరు, మార్చి పొడుగని పెంచరు. క్యాలిక్యులేటర్లు లేని రోజుల్లో చేత్తో వడ్డీ కట్టేవారికి 360 ఎంతో అనువైన సంఖ్య. పన్నెండుతోనూ ముప్ఫైతోనూ శేషం లేకుండా భాగించవచ్చు.

ఫిబ్రవరిని చూసి 30 బై 360 డబ్బు వేసినవారికి ఎప్పుడూ లాభమే అనుకోకూడదు. అదే పది లక్షలను జులై 1 నుంచి సెప్టెంబరు 1 వరకు ఉంచి చూడండి. క్యాలెండర్‌లో 62 రోజులు, అంటే మొదటి లెక్కలో 12,400. రెండో లెక్కలో రెండు నెలలు, అంటే 60 రోజులు, 12,166.67. ఈసారి 233 రూపాయలు తక్కువ. జులై 31కీ ఆగస్టు 31కీ ఈ పద్ధతిలో విడిగా వడ్డీ లేదు. జులై 30న వేసి 31న తీస్తే దీని ప్రకారం గడిచింది సున్నా రోజులు. ఫిబ్రవరి 28న వేసి మార్చి 1న తీస్తే మాత్రం, గడిచింది ఒక్క రోజే అయినా, మూడు రోజుల వడ్డీ లెక్కకు వస్తుంది.

ఇంకో జత తేదీలు చూద్దాం. అసలు విషయం ఇక్కడే బయటపడుతుంది. 2025 జనవరి 15 నుంచి మే 15 వరకు క్యాలెండర్‌లో 120 రోజులు. మధ్యలో ఫిబ్రవరి ఉండటం వల్ల 30 బై 360లోనూ సరిగ్గా 120 రోజులే. రోజులు సమానం, మరి వడ్డీ కూడా సమానమేనా? కాదు. మొదటి లెక్కలో 24,000, రెండో లెక్కలో 24,333.33. కారణం కింద ఉన్న సంఖ్య. 360తో భాగిస్తే రోజు వడ్డీ 200 కాదు, 202 రూపాయల 78 పైసలు. ఏడాదిలో లెక్కకు రాని ఐదు రోజుల వడ్డీ, అంటే వెయ్యి రూపాయలు, మిగిలిన 360 రోజులకూ పంచినట్టయింది. రోజుకు 2 రూపాయల 78 పైసల చొప్పున ఆ వెయ్యీ తిరిగి వచ్చేస్తుంది. అందుకే నిండు ఏడాదికి, అది లీపు సంవత్సరం కాకపోతే, రెండు పద్ధతుల్లోనూ 73,000 రూపాయలే వస్తుంది. తేడా కనబడేది ఏడాది మధ్యలో ఆగిన లెక్కల్లోనే.

మన దేశంలో ఈ రెండూ వాడుకలో ఉన్నాయి. బ్యాంకుల ఫిక్స్‌డ్ డిపాజిట్లలో నిండిన త్రైమాసికాలకు త్రైమాసికం లెక్కన వడ్డీ కట్టి, మిగిలిన రోజులకూ, మూడు నెలల లోపు డిపాజిట్లకూ, గడిచిన రోజులను 365తో లెక్కగట్టడం ఆనవాయితీ. కేంద్ర ప్రభుత్వ బాండ్లకు మాత్రం 30 బై 360. వాటికి ఆరు నెలలకోసారి వడ్డీ వస్తుంది. ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 1 దాకా 183 రోజులు, అక్కడి నుంచి మళ్లీ ఏప్రిల్ 1 దాకా 182. రోజుల లెక్కన ఇస్తే మన పది లక్షల మీద ఒకసారి 36,600, ఇంకోసారి 36,400 వస్తుంది. 30 బై 360 కాబట్టి రెండుసార్లూ 36,500. రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో రిటైల్ డైరెక్ట్ తెరిచాక మామూలు మదుపరులు కూడా ఈ బాండ్లు నేరుగా కొనుక్కుంటున్నారు. పాత బాండు కొంటే, అమ్మినవారు ఉంచుకున్న రోజులకు వడ్డీని మనం ధరతో పాటు చెల్లించాలి. ఆ మొత్తాన్ని బ్యాంకు అలవాటుతో 365తో కట్టి చూస్తే కుదరదు. అది పొరపాటు కాదు, వేరే లెక్క.

లీపు సంవత్సరం సంగతి కొంచెం చిక్కు. 2028 జనవరి 1 నుంచి 2029 జనవరి 1 వరకు 366 రోజులు. కింద 365 ఉంచితే 73,200 వస్తుంది. కొన్ని బ్యాంకులు ఆ ఏడాది 366తోనే భాగిస్తాయి, అప్పుడు 73,000. బ్యాంకు తన పద్ధతేమిటో డిపాజిట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. అడిగి తెలుసుకోవడం మన హక్కు.

జాగ్రత్త పడాల్సింది ఈ రెండింటి కలగలుపు దగ్గర. పైన క్యాలెండర్ రోజులు, కింద 360 పెడితే ఏడాదికి 73,000 బదులు 74,013.89 అవుతుంది. అంటే 7.3 శాతం అన్నది నిజంగా 7.4 శాతం. అమెరికా డాలర్ల స్వల్పకాలిక రుణాలకు ఇది మామూలు పద్ధతే. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇక్కడ వేసే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లకూ ఏడాదిని 360 రోజులుగానే తీసుకుంటారు. డబ్బు వేసినవారికి అది మేలే, తీసుకున్నవారికి భారం. అందుకని రుణ పత్రంలో రేటు ఒక్కటే చూసి ఊరుకోకూడదు.

మీ ఖాతాలో ఏ లెక్క నడుస్తోందో కంప్యూటర్‌లో ఎక్సెల్ ఉంటే క్షణాల్లో తేల్చుకోవచ్చు. A2లో వేసిన తేదీ, B2లో తీసిన తేదీ పెట్టి, పది లక్షల మీద వడ్డీ ఇలా కట్టండి:

```
=1000000*7.3%*(B2-A2)/365
=1000000*7.3%*DAYS360(A2,B2,TRUE)/360
```

రెండో వరుసలో TRUE అంటే 31 ఎక్కడ కనబడినా 30గా చదవమని చెప్పడం. ఇది యూరప్ పద్ధతి. అమెరికా పద్ధతిలో నెలాఖరు తేదీల నియమాలు కాస్త వేరు. రెండు వరుసల్లోనూ వేసిన రోజు లెక్కలోకి వస్తుంది, తీసిన రోజు రాదు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే, రెండు రోజులనూ కలిపేసి బ్యాంకు ఒక రోజు తగ్గించిందనుకుంటారు. కంప్యూటర్ లేకపోతే స్టేట్‌మెంట్ తీసి ఫిబ్రవరి వడ్డీనీ మార్చి వడ్డీనీ పక్కపక్కన పెట్టి చూడండి. అసలు, రేటు మారకుండా రెండూ సమానంగా ఉంటే నెలకు 30 రోజుల లెక్క, ఫిబ్రవరిది తక్కువగా ఉంటే క్యాలెండర్ లెక్క. క్యాలెండర్ లెక్క అని తేలితే ఇంకో అడుగు వేయండి. మార్చి వడ్డీని 31తో భాగిస్తే ఒక రోజు వడ్డీ వస్తుంది. ఏడాది వడ్డీని దానితో భాగిస్తే వచ్చేది 365కు దగ్గరగా ఉందో, 360కి దగ్గరగా ఉందో చూస్తే చాలు.