పిల్లనగ్రోవి మోగేటప్పుడు మాట ఆగాలి

సత్యజిత్ రాయ్ 1964లో ‘టూ’ అనే చిన్న సినిమా తీశారు. నిడివి పావుగంటకు మించదు. నలుపు తెలుపు చిత్రం, అందులో ఒక్క మాటా లేదు. మేడలో ఒక అబ్బాయి ఉంటాడు, చుట్టూ ఖరీదైన ఆటబొమ్మలు. కిటికీలోంచి చూస్తే బయట ఒక గుడిసె, అక్కడ ఇంకో అబ్బాయి. వాడు పిల్లనగ్రోవి ఊదితే వీడు బూర ఊదుతాడు. వాడు డోలు తెస్తే వీడు డోలు వాయించే కోతిబొమ్మను తిప్పి వదులుతాడు. పోటీ అలా ముదురుతుంది.

చూపులేనివాళ్లు ఈ సినిమాను అనుసరించేలా ఆడియో డిస్క్రిప్షన్ రాయాలనుకుందాం. తెర మీద జరుగుతున్నదాన్ని ఖాళీ దొరికినచోట ఒక గొంతు చెబుతూ పోవడమే ఆడియో డిస్క్రిప్షన్. సంభాషణలు లేని సినిమా కాబట్టి పావుగంటా ఖాళీయే, ఎంతైనా చెప్పుకోవచ్చు అనిపిస్తుంది. కొత్తగా రాసేవాళ్లు సాధారణంగా పొరబడేది ఇక్కడే. ఈ సినిమాలో పిల్లలు మాట్లాడుకోరు గానీ వాళ్ల వాద్యాలు మాట్లాడుకుంటాయి. పిల్లనగ్రోవి మీద బూర గెలవడం చెవికే తెలిసే సంగతి. ఆ సమయంలో వర్ణన సాగుతూ ఉంటే, చూపులేని ప్రేక్షకుడికి సినిమా స్వయంగా అందిస్తున్నదాన్ని మనం లాగేసుకున్నట్టే.

అందుకే అనుభవం ఉన్న రచయితలు సినిమాను మొదట కళ్లు మూసుకుని వింటారు. ఏది వినగానే అర్థమైంది, ఏది కాలేదు అన్నది కాగితం మీద పెట్టుకుంటారు. ‘టూ’ విషయంలో పిల్లనగ్రోవి పిల్లనగ్రోవేనని ఎవరూ చెప్పక్కర్లేదు. అది ఎవరి చేతిలో ఉంది, ఎంత దూరంలో ఉంది, మధ్యలో కిటికీ ఉందన్న సంగతి మాత్రం చెప్పాలి. డోలు విషయం ఇంకా తిరకాసు. బయటి అబ్బాయి వాయించే డోలూ, లోపలి కోతిబొమ్మ డోలూ రెండూ డోలు చప్పుళ్లే. ఒక డోలు ఇంకో డోలుకు జవాబని చూసేవాళ్లకు క్షణంలో తెలుస్తుంది. వినేవాళ్లకు అది తెలియాలంటే బొమ్మ మొదలయ్యే ముందే ‘బొమ్మ కోతికి తాళం తిప్పుతాడు’ లాంటి ముక్క ఒకటి పడాలి.

రెండోసారి చూసేటప్పుడు టైమ్‌కోడ్ రాసుకోవాలి. వాక్యం ఏ సెకనులో మొదలవ్వాలి, ఏ సెకనుకు ముగియాలి అన్నది స్క్రిప్టులో ప్రతి వాక్యం పక్కనా ఉంటుంది. తెలుగు మాటలు పొడవు కాబట్టి సెకనుకు రెండుకు మించి తీసుకుంటే చదివే గొంతు పరుగెత్తాల్సి వస్తుంది. మేడలోని అబ్బాయి పిల్లనగ్రోవి విని కిటికీ దగ్గరకొచ్చే ఘట్టం చూడండి. అతనికి వినపడిన క్షణంలోనే మన ప్రేక్షకుడికీ వినపడుతుంది. ఎవరు ఊదుతున్నారో అప్పటికి ఇద్దరికీ తెలియదు. ఆ కుతూహలాన్ని అలాగే ఉంచి, అతను బయటికి చూశాకే ఇలా రాయవచ్చు: “కిటికీ కింద ఖాళీ స్థలం. గుడిసె ముందు ఇంకో అబ్బాయి. పిల్లనగ్రోవి ఊదుతున్నాడు.” పది మాటలు. తాపీగా చదివితే ఐదారు సెకన్లు పడతాయి. ఆ ఘట్టంలో నాలుగు సెకన్లే దొరికితే చివరి వాక్యం తీసేయవచ్చు, దాన్ని చెవే చెబుతుంది.

ఇక పేర్ల సంగతి. ఇద్దరూ మగపిల్లలే, ఇద్దరికీ పేర్లు లేవు. ‘వాడు’, ‘వీడు’ అంటే రెండు నిమిషాల్లో గందరగోళం మొదలవుతుంది. ‘ధనికుడు’, ‘పేదవాడు’ అంటే తీర్పు ముందే ఇచ్చేసినట్టు. ‘మేడ అబ్బాయి’, ‘గుడిసె అబ్బాయి’ అని పెట్టి చివరిదాకా మార్చకుండా వాడితే ఎవరు ఎక్కడున్నారో కూడా ఆ పేరే గుర్తుచేస్తుంది. ముఖభావాల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. ‘అసూయతో రగిలిపోతాడు’ అని రాస్తే ప్రేక్షకుడికి చేయడానికి ఏమీ మిగలదు. ‘పెదవులు బిగించి చూస్తాడు’ అంటే మిగతాది వింటున్నవాళ్లే పూరించుకుంటారు. అలాగని ప్రతిసారీ కనుబొమలు, పెదవులు లెక్కపెట్టనక్కర్లేదు. రెండు సెకన్లే ఉన్నప్పుడు, ముఖం స్పష్టంగా చెబుతున్నప్పుడు ‘కోపంగా’ అన్న ఒక్క మాట సరిపోతుంది.

అసలు పరీక్ష గాలిపటం ఘట్టంలో ఎదురవుతుంది. గుడిసె అబ్బాయి ఎగరేస్తున్న గాలిపటం మేడ అబ్బాయి కంటపడుతుంది. ముందు ఉండేలుతో కొట్టబోతాడు, తగలదు. తర్వాత ఎయిర్‌గన్ అందుకుంటాడు. ‘మేడ అబ్బాయి ఎయిర్‌గన్‌ను గాలిపటానికి గురిపెట్టి కాల్చి చింపేస్తాడు’ అని రాస్తే వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది. కానీ తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. దాంతో ఈ పొడుగు వాక్యంలో అసలు పని బయటపడేలోపు తెర మీద అది అయిపోతుంది. వాక్యాన్ని ముందుకు జరిపితే ఇంకో నష్టం, తుపాకి పేలకముందే ఫలితం తెలిసిపోతుంది. దీనికి విరుగుడు వాక్యాన్ని విరగ్గొట్టడం. “చేతిలో ఎయిర్‌గన్. గాలిపటం వైపు గురి.” అక్కడ ఆగాలి. కాల్చిన తర్వాత, “చిరిగిన గాలిపటం కిందికి జారుతుంది.” మధ్యలో ఖాళీ ఎన్ని సెకన్లో స్క్రిప్టులో రాసి ఉండాలి. లేకపోతే డబ్బింగ్ గదిలో గొంతు ఇచ్చేవారు రెండు ముక్కలూ కలిపి చదివేస్తారు.

చివర్లో మేడ అబ్బాయి బొమ్మలన్నీ ఒకేసారి ఆడిస్తాడు. ఆ రొదలోంచి పిల్లనగ్రోవి మళ్లీ వినిపిస్తుంది. బొమ్మ రోబో నడుస్తూ వచ్చి అతను కట్టిన గోపురాన్ని పడగొడుతుంది. ఇక్కడ వర్ణనకు దక్కాల్సింది ఒక్క వాక్యం, రోబో గోపురం వైపు వెళ్తోందని. కూలడం వినడానికి వదిలేయవచ్చు. పిల్లనగ్రోవి తిరిగి వచ్చిందని చెప్పడం మాత్రం పూర్తిగా అనవసరం.

ఆడియో డిస్క్రిప్షన్‌ను క్రమపద్ధతిలో పెట్టినవారిలో ముందువరుసలోని మార్గరెట్ ఫాన్‌స్టీల్‌కు చూపు లోపం ఉండేది. తర్వాత తన భర్త అయిన కోడీతో కలిసి ఆమె 1981లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్ నాటకశాలలో ఈ సేవ మొదలుపెట్టారు. వర్ణన ఎవరికోసమో వాళ్లే దాన్ని పరీక్షించాలన్న పద్ధతి ఈ రంగంలో నేటికీ ఉంది. మనదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఆడియో డిస్క్రిప్షన్ ఉండాలని చెబుతోంది. థియేటర్లలో ఆడే పెద్ద సినిమాలకు కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2024 మార్చిలో ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు మాత్రం ఈ ఏర్పాటు సొంతంగా చేసుకోవాల్సిందే.

స్క్రిప్టు పూర్తయ్యాక దాన్ని ఫోన్‌లో చదివి, సినిమా శబ్దంతో కలిపి, చూపులేని ఇద్దరు ముగ్గురికి వినిపిస్తే లోపాలు త్వరగా బయటపడతాయి. ‘బాగుందా?’ అని అడిగితే మర్యాదకు బాగుందంటారు. ‘గాలిపటం ఎవరిది? ఎవరు చింపారు? రెండో డోలు ఎవరు వాయించారు?’ అని అడగాలి. జవాబు తడబడిన ప్రతిచోటా స్క్రిప్టులో ఒక మాట తక్కువో, ఎక్కువో ఉన్నట్టు. సరిచేసిన ప్రతిని రికార్డు చేశాక మిక్సింగ్‌లో వర్ణన పలికే చోట్ల సినిమా శబ్దాన్ని కొద్దిగా తగ్గిస్తారు. ‘టూ’ లాంటి సినిమాలో వాద్యాల పోటీ నడిచేచోట అలా తగ్గించవద్దని సౌండ్ ఇంజనీర్‌కు స్క్రిప్టులోనే రాసిపెట్టాలి.