గల్లాలో 500, లెక్కలో 2,500: ఉద్దెర షాపు లాభం ఎంత?

క్యాంపు దగ్గర పొత్తులో బకాలా పెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "నెలంతా మంచిగనే అమ్మినం, మరి పైసలేవి?" ఎపిసోడ్‌లో నోటితో చెప్పిన లెక్కను ఇక్కడ రాసి పెడుతున్నా. అంకెలు ఉదాహరణకు నేను అనుకున్నవి.

షార్జాలో ఒక బకాలా. మార్చిలో అమ్మకం 20,000 దిర్హమ్‌లు. అందులో 11,000 నగదు, 9,000 ఉద్దెర. ఉద్దెర తీసుకున్నవాళ్లు ఏప్రిల్‌లో జీతం పడ్డాక కడతారు. ఫిబ్రవరి ఉద్దెర 6,000 మాత్రం మార్చిలో వసూలైంది. అమ్మిన సరుకు ఖరీదు 16,000. హోల్‌సేల్ వాడికి 15,000 కట్టారు, 1,000 బాకీ ఉంది. కిరాయి, కరెంటు కలిపి 1,500 కట్టేశారు.

క్యాష్ బేసిస్ అంటే చేతికి వచ్చింది, చేతి నుంచి పోయింది మాత్రమే రాయడం. వచ్చింది 11,000, 6,000 కలిపి 17,000. పోయింది 16,500. మిగులు 500.

అక్రూవల్ బేసిస్‌లో డబ్బు ఎప్పుడు వచ్చినా సరే, సరుకు అమ్మిన నెలలోనే అమ్మకం రాస్తాం. దాని ఖర్చు కూడా ఆ నెలలోనే పడుతుంది. 20,000లో 16,000, 1,500 తీసేస్తే లాభం 2,500.

రెండు లెక్కలకూ తేడా 2,000. అది ఎక్కడికీ పోలేదు. జనం దగ్గర ఉద్దెర 6,000 నుంచి 9,000కి, అంటే 3,000 పెరిగింది. మనం హోల్‌సేల్ వాడికి 1,000 ఆపాం. 3,000లో 1,000 పోతే 2,000. ఇలా తేడా కలవకపోతే ఉద్దెర పుస్తకంలో ఏదో రాయలేదన్నట్టే.

పొత్తులో గొడవ వచ్చేది ఇక్కడే. 2,500 లాభం అని ఇద్దరూ చెరి 1,250 తీసుకుందామంటే గల్లాలో 500 మించి లేదు. మిగతాది తీస్తే హోల్‌సేల్ వాడికి కట్టాల్సిన డబ్బుకే చేయి పెట్టినట్టు. అలాగని గల్లా ఒక్కటే చూస్తే, మార్చిలో పొత్తు విడిచి ఇంటికి పోయేవాడు తన నెల అమ్మకంలో వాటా పోగొట్టుకుంటాడు. అందుకే నేను చెప్పేది ఇది: ఎవరి వాటా ఎంతో అక్రూవల్‌తో తేల్చండి, ఇప్పుడు ఎంత తీయొచ్చో గల్లా చూసి తేల్చండి.

అక్రూవల్‌కూ ఒక లోపం ఉంది. మార్చి ఉద్దెరలో 1,200 బాకీ ఉన్న మనిషి వీసా క్యాన్సిల్ చేసుకుని వెళ్లిపోతే, ఆ 1,200 మనం ముందే లాభంలో కలిపేశాం. ఇక రాదని తేలిన నెలలో దాన్ని నష్టంగా తీసేయాలి. క్యాష్ లెక్కలో ఆ అమ్మకం అసలు ఎక్కలేదు కాబట్టి తీసేయడానికి ఏమీ ఉండదు. నష్టం మాత్రం అక్కడా జరిగినట్టే, సరుకు డబ్బు పోయింది కదా. అమ్మకం పెరగకుండా ఉద్దెర ప్రతి నెలా పెరుగుతుంటే ఇలాంటి బాకీలు ఉన్నాయేమో చూడాలి. పేరు పక్కన తేదీ రాస్తే, రెండు జీతాలు దాటినా కట్టనివాళ్లు ఎవరో తెలుస్తుంది.

యూఏఈలో కార్పొరేట్ ట్యాక్స్ కోసం, ఏడాది రాబడి 30 లక్షల దిర్హమ్‌లు దాటని వ్యాపారం క్యాష్ బేసిస్‌లో లెక్కలు చూపించవచ్చు. ట్యాక్స్‌కు ఏ పద్ధతి వాడినా, పొత్తుదారుల మధ్య పంపకానికి ఉద్దెర పుస్తకం పక్కన ఉండాల్సిందే.